టోకెన్ బకెట్టా, స్లైడింగ్ విండోనా: ఇంటర్వ్యూలో ఏ లెక్క పెట్టుకుని మాట్లాడాలి

ప్రశ్న: రేట్ లిమిటర్ డిజైన్ చేయమన్నారు, ఒక్కో యూజర్‌కి నిమిషానికి 100 రిక్వెస్టులు. ఫిక్స్‌డ్ విండోలో నిమిషం మారే చోట 200 వెళ్ళిపోతాయి కాబట్టి టోకెన్ బకెట్ వాడతానన్నాను. "మరి స్లైడింగ్ విండో ఎందుకు వద్దు?" అని అడిగితే టెన్షన్‌లో "మెమరీ ఎక్కువ" అని తప్ప ఏమీ చెప్పలేకపోయాను. ఈ రెండిటి తేడా ఇంటర్వ్యూయర్‌కి ఎలా చెప్పాలి?

జవాబు:

మెమరీ అన్న మాట తప్పేమీ కాదు. మీ జవాబులో బలహీనత దానికి ముందు చెప్పిన కారణంలో ఉంది. టోకెన్ బకెట్‌లో ప్రతి రిక్వెస్టూ ఒక టోకెన్ తీసుకుంటుంది, టోకెన్ లేకపోతే ఆగిపోతుంది. 100 టోకెన్లు పట్టే బకెట్ పెట్టి, దాన్ని నిమిషానికి 100 చొప్పున నింపితే, అది కూడా ఒక నిమిషంలో దాదాపు 200 రిక్వెస్టులు వదులుతుంది. ఏ అంకె చూపించి ఫిక్స్‌డ్ విండోని పక్కన పెట్టారో, అదే అంకె మీరు ఎంచుకున్న దాంట్లోనూ ఉంది. ఇంటర్వ్యూయర్ ఆ ప్రశ్న వేసింది చాలావరకు ఈ సంగతి మీకు తెలుసా అని చూడటానికే.

లెక్క వేసి చూడండి. బకెట్ నిండుగా ఉంది, 100 టోకెన్లు. క్లయింట్ ఒక్కసారిగా 100 రిక్వెస్టులు పంపాడు. అన్నీ వెళ్ళాయి, బకెట్ ఖాళీ అయింది. అక్కడి నుంచి 0.6 సెకనుకి ఒక టోకెన్ చొప్పున నిండుతుంది. వచ్చిన టోకెన్‌ని వచ్చినట్టే వాడుకుంటూ పోతే తర్వాతి 60 సెకన్లలో ఇంకో 100. మొత్తం 200. సాధారణ రూపంలో చెప్పాలంటే, T సెకన్ల వ్యవధి ఏది తీసుకున్నా టోకెన్ బకెట్ వదిలే గరిష్ఠ సంఖ్య ఇది:

```
B + r × T
```

B అంటే బకెట్‌లో పట్టే టోకెన్లు, r అంటే సెకనుకి ఎన్ని టోకెన్లు చేరతాయన్నది. ఈ ఒక్క లైను బోర్డు మీద రాయండి. ఇంటర్వ్యూలో మిగతా చర్చంతా దీని చుట్టూనే నడపొచ్చు. ఎందుకంటే రేట్ లిమిటర్ అంటే చివరికి ఒక హామీ: "ఇంత సమయంలో ఇంతకు మించి వెళ్ళనివ్వను" అని. రెండు అల్గారిథమ్‌లు పోల్చడమంటే ఆ రెండూ ఇచ్చే హామీలు పోల్చడమే. లాభనష్టాల పట్టిక బట్టీ పట్టి అప్పజెప్పేవాళ్ళకీ విషయం తెలిసినవాళ్ళకీ తేడా సరిగ్గా ఇక్కడే బయటపడుతుంది.

ఇప్పుడు స్లైడింగ్ విండో సంగతి. ఈ పేరుతో రెండు వేర్వేరు అల్గారిథమ్‌లు ఉన్నాయి. ఏది గురించి మాట్లాడుతున్నారో ముందే చెప్పకపోతే చర్చ గందరగోళమవుతుంది.

మొదటిది స్లైడింగ్ విండో లాగ్. ప్రతి రిక్వెస్టు టైమ్‌స్టాంప్‌ని దాచుకుంటుంది. కొత్త రిక్వెస్టు రాగానే 60 సెకన్ల కన్నా పాతవి తీసేసి, మిగిలినవి లెక్కపెట్టి, 100 కన్నా తక్కువ ఉంటే వదులుతుంది. రెడిస్‌లో అయితే ఒక సార్టెడ్ సెట్ పెట్టుకుని `ZREMRANGEBYSCORE`, `ZCARD`, `ZADD` వాడతారు. దీని హామీ కచ్చితం. ఏ 60 సెకన్లు తీసుకున్నా 100 దాటవు.

రెండోది స్లైడింగ్ విండో కౌంటర్. దీంట్లో టైమ్‌స్టాంప్‌లు ఉండవు. పోయిన నిమిషంలో ఎన్ని వచ్చాయి, ఈ నిమిషంలో ఇప్పటిదాకా ఎన్ని వచ్చాయి అన్న రెండు అంకెలు మాత్రమే ఉంటాయి. గడిచిన 60 సెకన్లలో ఎన్ని వచ్చి ఉంటాయో వాటితో అంచనా కడుతుంది:

```
అంచనా = పోయిన నిమిషం × (1 - f) + ఈ నిమిషం
```

f అంటే ఈ నిమిషంలో ఎంత భాగం గడిచిందన్నది. 15 సెకన్లు గడిస్తే 0.25. పోయిన నిమిషంలో రిక్వెస్టులు నిమిషమంతా సమానంగా పరుచుకుని వచ్చాయని ఇది అనుకుంటుంది. ఆ ఊహ తప్పినప్పుడు ఏమవుతుందో కాసేపట్లో చూద్దాం.

ఒకే సన్నివేశాన్ని నాలుగింటి మీదా నడిపించి చూపిస్తే మీ మాటకి బరువు వస్తుంది. నేను ఇంటర్వ్యూ చేసేటప్పుడు అభ్యర్థి తనంతట తాను ఈ పని చేస్తే మిగతా సమయమంతా మాటలు హాయిగా సాగిపోతాయి. సన్నివేశం ఇది: లిమిట్ నిమిషానికి 100. క్లయింట్ మొదటి నిమిషంలో 59వ సెకను దాకా ఏమీ పంపలేదు. అప్పుడు ఒక్కసారిగా 100 పంపాడు. ఆ తర్వాత ఎన్ని వదిలితే అన్ని పంపడానికి సిద్ధంగా ఉన్నాడు.

ఫిక్స్‌డ్ విండో అయితే 60వ సెకను రాగానే కౌంటర్ సున్నా అవుతుంది, ఇంకో 100 ఆ క్షణంలోనే వెళ్ళిపోతాయి. రెండు సెకన్ల లోపల 200.

టోకెన్ బకెట్ అయితే 59వ సెకనులో ఖాళీ అయింది. 75వ సెకను నాటికి 16 సెకన్లలో 26 టోకెన్లు వచ్చాయి, అవి వెళ్ళాయి. 90 నాటికి మొత్తం 51. 119 నాటికి 100. అంటే 60 సెకన్లలో 200, కానీ రెండో 100 నిమిషం పొడవునా ఒక్కొక్కటిగా వెళ్ళాయి.

స్లైడింగ్ కౌంటర్ అయితే 60వ సెకనులో అంచనా 100, కాబట్టి ఒక్కటి కూడా వదలదు. 75లో పోయిన నిమిషం వాటా 75కి తగ్గుతుంది, అప్పటికి 25 వెళ్ళగలవు. 90 నాటికి 50. 119 నాటికి 98. మొత్తం 198. ఈ అంకెల్ని పక్కన ఉన్న టోకెన్ బకెట్ అంకెలతో పోల్చి చూడండి, దాదాపు ఒకటే. ఈ సన్నివేశంలో స్లైడింగ్ కౌంటర్ అచ్చం టోకెన్ బకెట్‌లాగే నడుస్తోంది. పోయిన నిమిషం వాటా సెకనుకి 1.67 చొప్పున కరగడమంటే, బకెట్‌లోకి సెకనుకి 1.67 టోకెన్లు చేరడమే.

స్లైడింగ్ లాగ్ అయితే 59 నుంచి 119 దాకా ఒక్కటీ వదలదు. 119 దాటగానే పాత 100 టైమ్‌స్టాంప్‌లూ ఒకేసారి గడువు దాటిపోతాయి కాబట్టి మళ్ళీ 100 ఒక్కసారిగా వెళ్తాయి.

దీన్నిబట్టి ఫిక్స్‌డ్ విండో మీద మీరు చెప్పాల్సిన ఫిర్యాదు "200 పోతాయి" అన్నది కాకూడదు, "200 రెండు సెకన్లలో పోతాయి" అన్నది కావాలి. టోకెన్ బకెట్‌లోనూ 200 పోతాయి గానీ, వెనకనున్న సర్వర్ మీద రెండో 100 భారం నిమిషమంతా పరుచుకుంటుంది. సర్వర్‌ని కాపాడటమే ఉద్దేశమైతే ఈ తేడా చాలా పెద్దది. కస్టమర్ ఒప్పందంలో "ఏ నిమిషంలోనూ 100 దాటకూడదు" అని రాసి ఉంటే ఈ తేడా ఎందుకూ పనికిరాదు, 200 అంటే ఉల్లంఘనే.

"సరే, టోకెన్ బకెట్‌తోనే ఏ నిమిషంలోనూ 100 దాటకుండా చేయగలరా?" అని తర్వాతి ప్రశ్న రావచ్చు. చేయొచ్చు. B + 60r విలువ 100 దాటకుండా చూస్తే చాలు. B = 20 పెట్టి, నిమిషానికి 80 చొప్పున నింపండి. అప్పుడు ఏ నిమిషం తీసుకున్నా 100 దాటదు. కానీ దీనికో ధర ఉంది. రోజంతా సమానంగా పంపే మంచి క్లయింట్‌కి కూడా నిమిషానికి 80 మాత్రమే దొరుకుతాయి. అతనికి 100 అని మాట ఇచ్చి 80 ఇచ్చినట్టవుతుంది. నిలకడగా 100 ఇవ్వాలి, ఏ నిమిషంలోనూ 100 దాటకూడదు, పైగా కాస్త బర్స్ట్ కూడా ఒప్పుకోవాలి అంటే ఆ మూడూ కలిపి ఇచ్చేది లాగ్ ఒక్కటే. మీరు చెప్పిన మెమరీ అన్నది ఆ కచ్చితత్వానికి కట్టే ధర. ఆ వరసలో చెబితే "మెమరీ ఎక్కువ" అన్న మాటకి అర్థం వస్తుంది.

లాగ్‌కీ ఒక గుడ్డి మచ్చ ఉంది, దీన్ని చాలామంది ప్రస్తావించరు. 60 సెకన్ల విండో 60 సెకన్ల గురించే హామీ ఇస్తుంది. ఒక సెకను గురించి ఏమీ చెప్పదు. 100 రిక్వెస్టులూ ఒకే మిల్లీసెకనులో వచ్చినా లాగ్ చక్కగా వదిలేస్తుంది. నిమిషం తర్వాత మళ్ళీ వదులుతుంది. ఒకేసారి 100 క్వెరీలు పడితే మీ డేటాబేస్ తట్టుకోలేదనుకోండి, అత్యంత కచ్చితమైన ఆ అల్గారిథమ్ దాన్ని కాపాడలేదు. టోకెన్ బకెట్‌లో B, r అని రెండు వేర్వేరు మీటలు ఉన్నాయి. B = 10, r = నిమిషానికి 100 పెడితే ఏ క్షణంలోనూ ఒక్కసారిగా 10 దాటవు, ఏ నిమిషంలోనూ 110 దాటవు, నిలకడగా పంపేవాడికి పూర్తి 100 దొరుకుతాయి. B + r × T అన్నది ఏ T కైనా వర్తిస్తుంది, సెకనుకీ గంటకీ ఒకటే ఫార్ములా. విండోతో ఇదే సాధించాలంటే నిమిషానికొకటి, సెకనుకొకటి చొప్పున రెండు విండోలు పెట్టుకోవాలి. అమెజాన్ ఏపీఐ గేట్‌వే సెట్టింగుల్లో రేట్, బర్స్ట్ అని రెండు అంకెలు విడివిడిగా అడగడం వెనక ఉన్నది ఈ టోకెన్ బకెట్టే. టోకెన్ బకెట్‌ని సమర్థించడానికి నా దృష్టిలో అన్నిటికన్నా గట్టి కారణం ఈ రెండు మీటలే. మెమరీ ఆ తర్వాతి మాట.

మెమరీ లెక్క కూడా అంకెల్లో చెప్పండి, ఊరికే ఎక్కువ తక్కువ అనొద్దు. 10 లక్షల మంది యూజర్లు ఒకే నిమిషంలో చురుగ్గా ఉండి, అందరూ 100 వాడుకున్నారనుకుందాం. లాగ్‌లో 10 కోట్ల టైమ్‌స్టాంప్‌లు, ఒక్కోటి 8 బైట్లు అనుకున్నా 800 ఎంబీ. సార్టెడ్ సెట్ సొంత భారం కలిస్తే ఇంకా చాలా ఎక్కువ. బకెట్‌కి యూజర్‌కి రెండు అంకెలు, 16 బైట్లు, మొత్తం 16 ఎంబీ, కీ పేర్ల ఖర్చు దానికి అదనం. అయితే ఇదే లెక్క తిరగేసి చూడండి. ఓటీపీ ప్రయత్నాలు గంటకి 5 అని లిమిట్ పెడితే లాగ్‌లో యూజర్‌కి 5 టైమ్‌స్టాంప్‌లే. అక్కడ మెమరీ సాకుతో లాగ్‌ని తోసిపుచ్చడం పొరపాటు. పైగా అక్కడ కచ్చితత్వమే ముఖ్యం. B = 5, గంటకి 5 చొప్పున నింపే బకెట్ పెడితే దాడి చేసేవాడికి మొదటి గంటలో 10 అవకాశాలు ఇచ్చినట్టే. లాగ్ ఖర్చు లిమిట్ అంకెతో పాటు పెరుగుతుంది. కాబట్టి చిన్న అంకె, కఠినమైన నియమం ఉన్న చోట లాగ్ నప్పుతుంది. పెద్ద అంకె ఉండి సర్వర్‌ని కాపాడాల్సిన చోట బకెట్.

మరి స్లైడింగ్ కౌంటర్ ఎక్కడ? లాగ్‌కీ ఫిక్స్‌డ్ విండోకీ మధ్య రాజీ అది. దాని ఊహ ఎక్కడ తప్పుతుందో ఒక క్లయింట్‌ని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ప్రతి నిమిషం మొదటి సెకనులో ఒక క్రాన్ జాబ్ లేచి సరిగ్గా 100 రిక్వెస్టులు పంపి పడుకుంటుందనుకోండి. నియమం ప్రకారం అది నిమిషానికి 100 దాటడం లేదు. మొదటి నిమిషంలో 100 వెళ్ళాయి. రెండో నిమిషం మొదటి సెకను చివరికి వచ్చేసరికి పోయిన నిమిషం వాటా 100 × 59/60, అంటే 98.3. కాబట్టి ఒక్కటే వెళ్తుంది, 99 తిరస్కరణ. మూడో నిమిషంలో పోయిన నిమిషం వాటా దాదాపు 1, కాబట్టి 99 వెళ్తాయి. నాలుగో నిమిషంలో 2. ఇలా ఒక నిమిషం నిండుగా, ఒక నిమిషం ఖాళీగా నడుస్తుంది. ప్రొడక్షన్‌లో ఒక కస్టమర్ గ్రాఫ్ ఇలా నిమిషం విడిచి నిమిషం పైకీ కిందకీ కొడుతుంటే, కస్టమర్ "నేను లిమిట్ దాటలేదు" అని మొత్తుకుంటుంటే, ముందు అనుమానించాల్సింది ఈ ఊహనే. అదే క్లయింట్‌కి బకెట్ గానీ లాగ్ గానీ ప్రతి నిమిషం 100 ఇచ్చేస్తుంది.

అంతమాత్రాన స్లైడింగ్ కౌంటర్ పనికిరాదని కాదు. క్లౌడ్‌ఫ్లేర్ 2017లో తమ రేట్ లిమిటింగ్ గురించి రాసినప్పుడు ఈ పద్ధతినే వివరించింది. వాళ్ళు 40 కోట్ల రిక్వెస్టులు పరిశీలిస్తే, తప్పుగా వదిలినవీ తప్పుగా ఆపినవీ కలిపి 0.003 శాతమే. ఎందరెందరో క్లయింట్ల నుంచి వచ్చే మామూలు ట్రాఫిక్‌లో ఆ ఊహ బాగానే నిలబడుతుంది. గడియారం ప్రకారం లేచే ప్రోగ్రాములు మీ ప్రధాన కస్టమర్లైతే నిలబడదు. ఇంటర్వ్యూలో ఈ రెండూ పక్కపక్కన చెప్పండి: చెత్త సందర్భంలో దాదాపు రెట్టింపు వదలగలదు, మామూలు ట్రాఫిక్‌లో తప్పు చాలా స్వల్పం. ఈ రెంటిలో దేన్ని బట్టి నిర్ణయించాలో క్లయింట్లు ఎవరన్న దాని మీద ఆధారపడుతుంది.

డిజైన్ అయ్యాక చాలామంది ఇంటర్వ్యూయర్లు కోడ్ అడుగుతారు. బకెట్‌ని నింపడానికి వెనక ఒక టైమర్ తిరగాలనుకోవద్దు. రిక్వెస్టు వచ్చినప్పుడే, గడిచిన సమయాన్ని బట్టి ఎన్ని టోకెన్లు చేరి ఉండాలో లెక్కగడితే సరిపోతుంది. రెడిస్‌లో లువా స్క్రిప్టుగా ఇలా ఉంటుంది:

```lua
local cap  = tonumber(ARGV[1])   -- B
local rate = tonumber(ARGV[2])   -- tokens per ms
local t    = redis.call('TIME')
local now  = t[1] * 1000 + math.floor(t[2] / 1000)
local s    = redis.call('HMGET', KEYS[1], 'tokens', 'ts')
local tokens = tonumber(s[1] or cap)
local ts     = tonumber(s[2] or now)

tokens = math.min(cap, tokens + math.max(0, now - ts) * rate)
local ok = 0
if tokens >= 1 then tokens = tokens - 1; ok = 1 end

redis.call('HSET', KEYS[1], 'tokens', tokens, 'ts', now)
redis.call('PEXPIRE', KEYS[1], math.ceil(cap / rate))
return ok
```

దీంట్లో మూడు చోట్ల వేలు పెట్టి చూపించండి. స్క్రిప్టుగా రాయడం ఎందుకంటే, మామూలుగా చదివి, లెక్కగట్టి, తిరిగి రాస్తే రెండు సర్వర్లు ఒకే సమయంలో "1 టోకెన్ ఉంది" అని చదివి రెండూ వదిలేస్తాయి. స్క్రిప్టు నడుస్తున్నంతసేపూ రెడిస్ మధ్యలో ఇంకో కమాండ్ తీసుకోదు. సమయాన్ని `TIME`తో రెడిస్ నుంచే తీసుకున్నాం, ఎందుకంటే అప్లికేషన్ సర్వర్ల గడియారాలు ఒకదానికొకటి కొన్ని మిల్లీసెకన్లు తేడాగా ఉంటే గడిచిన సమయం ఒక్కోసారి మైనస్‌లో వస్తుంది. ఇక `PEXPIRE`: ఖాళీ బకెట్ పూర్తిగా నిండటానికి పట్టే సమయం దాటాక కీ చెరిగిపోయినా నష్టం లేదు, ఎందుకంటే కీ లేకపోతే బకెట్ నిండుగా ఉన్నట్టే లెక్క.

ఇక్కడ ఒక బగ్ గురించి చెప్పాలి. చూడటానికి చిన్నది, పట్టుకోవడం మాత్రం కష్టం. టోకెన్లని పూర్ణాంకాలుగా దాచి, చేరిన టోకెన్లకి `floor` వేసి, `ts` మాత్రం ప్రతిసారీ ఇప్పటి సమయానికి మార్చేస్తారు కొందరు. సెకనుకి 1.67 చొప్పున నిండే బకెట్ ఖాళీ అయింది. క్లయింట్ ప్రతి అర సెకనుకీ మళ్ళీ ప్రయత్నిస్తున్నాడు. అర సెకనులో చేరేది 0.83, దానికి `floor` వేస్తే సున్నా. కానీ `ts` ముందుకు జరిగిపోయింది, ఆ 0.83 ఎటో పోయింది. తర్వాతి అర సెకనులోనూ అంతే. ఆ క్లయింట్‌కి ఇక ఎప్పటికీ టోకెన్ రాదు. కాసేపు ఆగి ప్రయత్నించినవాళ్ళకి మాత్రం వస్తుంది. లాగుల్లో ఒకే క్లయింట్‌కి గంటల తరబడి 429 తిరస్కరణలు తప్ప వేరే కనపడకపోతే, వాడు ఆగిన వెంటనే సర్దుకుంటే, ఇదే కారణమై ఉండొచ్చు. పై స్క్రిప్టులో టోకెన్లని భిన్నాలుగానే దాచింది అందుకే.

స్లైడింగ్ లాగ్‌లో కూడా సరిగ్గా ఇలాంటిదే ఒకటుంది. `ZADD` ముందు చేసి, తర్వాత `ZCARD` చూస్తే, తిరస్కరించిన రిక్వెస్టుల టైమ్‌స్టాంప్‌లు కూడా సెట్‌లో చేరిపోతాయి. ఆగకుండా ప్రయత్నించేవాడి సెట్ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. మామూలు ఏపీఐకి ఇది తప్పు. పాస్‌వర్డ్ ఊహించేవాడిని ఆపాలంటే మాత్రం కొందరు కావాలనే ఇలా పెడతారు, ప్రయత్నం ఆపితే గానీ తలుపు తెరుచుకోకూడదని. ఏది కావాలో అడిగి నిర్ణయించండి, పొరపాటున జరగనివ్వొద్దు.

తిరస్కరించినప్పుడు ఏం చెప్పాలన్నదీ ఈ పోలికలో భాగమే. 429 స్టేటస్‌తో పాటు `Retry-After` పంపితే క్లయింట్ అర్థం చేసుకుంటాడు. బకెట్‌లో ఆ అంకె సులువు: ఒక టోకెన్‌కి ఎంత తక్కువ ఉందో దాన్ని r తో భాగించడమే. మన ఉదాహరణలో 0.6 సెకనుకి మించదు. ఆ హెడర్‌లో పూర్తి సెకన్లే రాయాలి కాబట్టి 1 అవుతుంది. లాగ్‌లో అన్నిటికన్నా పాత టైమ్‌స్టాంప్ ఎప్పుడు గడువు దాటుతుందో చూడాలి, మన సన్నివేశంలో పూర్తి 60 సెకన్లు కూడా కావచ్చు. యూజర్ అనుభవంలో ఇది పెద్ద తేడా. ఒకరికి కాస్త నెమ్మదిగా నడుస్తున్నట్టు అనిపిస్తుంది, ఇంకొకరికి నిమిషం పాటు పూర్తిగా ఆగిపోయినట్టు అనిపిస్తుంది.

ఇవన్నీ తెలిసినా, గదిలో ఏ వరసలో చెప్పాలన్నది మీకు ఇబ్బంది అయినట్టుంది. "నేను టోకెన్ బకెట్ వాడతాను" అని మొదలుపెట్టకండి. ఆ మాటతో మీరు ఒక పక్షం తీసేసుకున్నట్టవుతుంది, ఆ తర్వాత ప్రతి ప్రశ్నకీ దాన్ని కాపాడుకోవాల్సి వస్తుంది. ముందు రెండు విషయాలు అడగండి. సంభాషణ సుమారుగా ఇలా సాగాలి:

"ఈ లిమిట్ ఎందుకండీ? వెనక సర్వర్ మీద భారం తగ్గించడానికా, కస్టమర్‌కి ఇచ్చిన కోటా లెక్కించడానికా?"

"సర్వర్‌ని కాపాడటానికే అనుకోండి."

"ఒక క్లయింట్ ఒకేసారి ఎన్ని పంపితే తట్టుకోగలం? వెబ్ పేజీ తెరవగానే ఒకేసారి కొన్ని కాల్స్ వెళ్ళే పరిస్థితి ఉందా?"

"పేజీకి ఎనిమిది పది వెళ్తాయి."

"అయితే టోకెన్ బకెట్, సైజు 20, నిమిషానికి 100 చొప్పున నింపుదాం. రెండు పేజీలు వెంటవెంటనే తెరిచినా ఆగదు. దీనివల్ల ఏ నిమిషంలోనైనా గరిష్ఠంగా 120 వెళ్ళొచ్చు, ఆ 20 అదనం మనకి పర్వాలేదా?"

ఆ చివరి ప్రశ్న చాలా పని చేస్తుంది. మీ డిజైన్ లోపాన్ని మీరే అంకెతో సహా బల్ల మీద పెట్టి, నిర్ణయం ఎదుటివాళ్ళ అవసరానికి వదిలేశారు. "పర్వాలేదు" అంటే ముందుకెళ్ళండి. "లేదు, 100 అంటే 100" అంటే, "అయితే నింపే వేగాన్ని 80కి తగ్గించాలి, లేదా లాగ్‌కి మారి అంత మెమరీ పెట్టుకోవాలి, యూజర్లు ఎంతమంది?" అని అడగండి. అక్కడి నుంచి మెమరీ లెక్క సహజంగానే వస్తుంది. మధ్యలో ఇంటర్వ్యూయర్ అవసరాన్ని మార్చేస్తే కంగారు పడనక్కర్లేదు. మీరు అల్గారిథమ్‌ని కాపాడటం లేదు, హామీని సరిచేస్తున్నారంతే.

చివరగా ఎక్కువగా వచ్చే పొడిగింపు ప్రశ్న: "ప్రతి రిక్వెస్టుకీ రెడిస్ దాకా వెళ్ళి రావడం ఖర్చు కదా?" ఇక్కడ బకెట్‌కి ఇంకో సౌకర్యం ఉంది. టోకెన్లు అంకె మాత్రమే కాబట్టి వాటిని గుత్తగా తీసుకోవచ్చు. ఒక్కో అప్లికేషన్ సర్వర్ రెడిస్ నుంచి ఒకేసారి 5 టోకెన్లు తెచ్చుకుని, అవి అయిపోయేదాకా తన దగ్గరే లెక్క చూసుకుంటుంది. పై స్క్రిప్టులో టోకెన్లు సరిపోతాయా అని చూసే చోటా, తీసేసే చోటా 1 బదులు 5 పెట్టడమే మార్పు. రెడిస్‌కి వెళ్ళే కాల్స్ ఐదో వంతుకి తగ్గుతాయి. దీని ధర కూడా చెప్పండి. 4 సర్వర్లు ఉంటే 20 టోకెన్ల బకెట్ మొత్తం వాటి మధ్య పంచబడిపోవచ్చు, ఒక సర్వర్ దగ్గర 5 టోకెన్లు వాడకుండా పడి ఉండగా ఇంకో సర్వర్ అదే యూజర్‌ని తిప్పి పంపేస్తుంది. కాబట్టి గుత్త సైజు B ని సర్వర్ల సంఖ్యతో భాగించగా వచ్చే దాని కన్నా బాగా చిన్నగా ఉండాలి. ఇక్కడ 2 మేలు. తెచ్చుకున్న టోకెన్లకి ఒకట్రెండు సెకన్ల గడువు కూడా పెట్టండి. లేకపోతే ఎప్పుడో తెచ్చి దాచిన టోకెన్లు, ఈలోగా మళ్ళీ నిండిన బకెట్‌తో కలిసి B + r × T ని దాటించేస్తాయి. లాగ్‌లో ఇలా గుత్తగా తీసుకోవడం కుదరదు, ఎందుకంటే ఇంకా రాని రిక్వెస్టుకి టైమ్‌స్టాంప్ ఉండదు.

"రెడిస్ పడిపోతే?" అన్నది కూడా అడుగుతారు. దీనికి జవాబు మీరు మొదట్లో అడిగిన ప్రశ్నలోనే దొరుకుతుంది. సర్వర్‌ని కాపాడే లిమిటర్ అయితే, రెడిస్ తిరిగి లేచేదాకా ప్రతి అప్లికేషన్ సర్వర్ తన మెమరీలోనే ఒక చిన్న బకెట్ నడుపుతుంది, 4 సర్వర్లుంటే B, r లలో నాలుగో వంతు పెట్టుకుని. లెక్క కాస్త అటూ ఇటూ అయినా సర్వీసు నడుస్తుంది. ఓటీపీ ప్రయత్నాల లిమిటర్ అయితే అలా వదలకూడదు. లెక్క తెలియనప్పుడు కొత్త ప్రయత్నాన్ని ఒప్పుకోకుండా, కాసేపాగి రమ్మని పంపేయాలి.